ఆవిరి పోతుంది, ఉప్పు మిగులుతుంది

పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రానికి నీరు కిన్నెరసాని జలాశయం నుంచి వస్తుంది. ఇలాంటి కేంద్రాల్లో కండెన్సర్‌లో వేడెక్కిన నీటిని కూలింగ్ టవర్‌లో పైనుంచి జల్లులా వదులుతారు. ఎదురొచ్చే గాలికి కొంత నీరు ఆవిరై, మిగతా నీటి వేడిని పట్టుకుపోతుంది. మట్టికుండ చల్లబడేదీ ఇలాగే.

ఒక లెక్క చూద్దాం. గంటకు 1000 ఘనపు మీటర్ల నీరు తిరుగుతూ, టవర్‌లో 10 డిగ్రీలు చల్లబడితే సుమారు 15 ఘనపు మీటర్లు ఆవిరవుతాయి. ఆవిరిలో ఉప్పు ఉండదు. కరిగిన లవణాలన్నీ తొట్టిలోనే ఉండిపోతాయి. ఆ లోటు తీర్చడానికి పోసే కొత్త నీరు తన లవణాలనూ తెచ్చి కలుపుతుంది. అందుకే కొంత నీటిని కావాలనే బయటికి వదలాలి. దీన్ని బ్లోడౌన్ అంటారు.

లవణాలు కొత్త నీటికి 5 రెట్ల దగ్గర ఆగాలంటే గంటకు 3.75 ఘనపు మీటర్లు వదిలి, మొత్తం 18.75 పోయాలి. 10 రెట్ల దాకా పెరగనిస్తే 16.7 పోస్తే చాలు. రెట్టింపు చిక్కదనానికి మిగిలేది రెండే ఘనపు మీటర్లు. గొట్టాల్లో సున్నపు పొర కట్టే ముప్పు మాత్రం చాలా పెరుగుతుంది.

పొర మొదలైందా? తిరిగే నీటిలో క్లోరైడ్ 5 రెట్లయి, కాల్షియం 4 రెట్లే ఉంటే అనుమానించాల్సిందే. తగ్గిన కాల్షియం చాలావరకు గొట్టాల గోడలకు అంటుకుని ఉంటుంది.