ఐదో తేదీ దాటితే ఆ నెల వడ్డీ లేనట్టే
పి.పి.ఎఫ్. పాసు పుస్తకంలో చూసుకోవలసిన మూడు సంగతులు

నెల్లూరు: జిల్లా తీర గ్రామాలలో డబ్బు నెలనెలా సమానంగా రాదు. అల్లూరు, ఇందుకూరుపేట వైపు వరి కోతలయ్యాక ధాన్యం డబ్బు ఒక్కసారిగా చేతికొస్తుంది. రొయ్యల గుంట పట్టినప్పుడూ అంతే. సముద్రం మీద బతికేవారికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. కనుక పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పి.పి.ఎఫ్. ఖాతా ఉన్న కుటుంబం ఏటా ఎంత వేయాలని ఆలోచించినట్టే ఏ తేదీన వేయాలని కూడా ఆలోచించక తప్పదు. ఈ పథకంలో వడ్డీ తేదీని బట్టి నడుస్తుంది.

1968లో మొదలైన ఈ పథకం ఇప్పుడు 2019 నాటి నిబంధనల ప్రకారం నడుస్తున్నది. వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. 2020 ఏప్రిల్‌లో అది 7.9 శాతం నుంచి 7.1 శాతానికి దిగింది. 2024-25 సంవత్సరమంతా 7.1 శాతమే ఉన్నది. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ రేటు మీద వేసినవే. మన వాడుకలో చెప్పాలంటే నెలకు నూటికి సుమారు 59 పైసల వడ్డీ. లక్ష రూపాయలకు నెలకు 591 రూపాయల 67 పైసలు.

ఒక పుస్తకం చూద్దాం

ఇందుకూరుపేట వైపు ఒక కుటుంబం ఖాతాను ఊహించుకుందాం. 2024-25 సంవత్సరానికి పుస్తకంలో ఇలా ఉన్నది. 2024 ఏప్రిల్ 1న నిల్వ 2,00,000 రూపాయలు. ఏప్రిల్ 4న జమ 60,000. జూలై 8న జమ 30,000. ఆ తరువాత జమలు లేవు. 2025 మార్చి 31 తేదీ వేసి ‘వడ్డీ’ అని 19,880 రూపాయలు. చివరి నిల్వ 3,09,880.

ఈ నాలుగైదు వరుసలలోనే మొత్తం సంగతి ఉంది. 19,880 ఎలా వచ్చిందో తెలిస్తే ఎవరి పుస్తకాన్నయినా వారే సరి చూసుకోవచ్చు.

నిబంధన ఇది. ప్రతి నెలా ఐదో తేదీ లావాదేవీలు ముగిసిన సమయం నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న నిల్వలలో ఏది అతి తక్కువో, ఆ నెలకు దాని మీదనే వడ్డీ కడతారు. నాలుగో తేదీన వేసిన సొమ్ము ఐదో తేదీ ముగిసేసరికే ఖాతాలో ఉంటుంది కనుక ఆ నెల లెక్కలోకి వస్తుంది. ఎనిమిదో తేదీన వేసినది ఐదో తేదీకి లేదు కనుక ఆ నెల లెక్కలోకి రాదు. మరుసటి నెల నుంచే దానికి వడ్డీ.

ఇప్పుడు పుస్తకానికి వద్దాం. ఏప్రిల్ 4 జమ కలిసి ఏప్రిల్ నెలకు లెక్కలోకి వచ్చిన నిల్వ 2,60,000. మే, జూన్ కూడా అంతే. జూలై 8న 30,000 వేసినా జూలైకి కూడా 2,60,000 మీదనే వడ్డీ. ఇలా నాలుగు నెలలు. ఆగస్టు నుంచి మార్చి వరకు ఎనిమిది నెలలు 2,90,000 మీద. నాలుగు నెలల నిల్వలు కలిపితే 10,40,000. ఎనిమిది నెలలవి కలిపితే 23,20,000. రెండూ కలిసి 33,60,000. దీనిని 7.1తో హెచ్చించి 1200తో భాగిస్తే 19,880 వస్తుంది. పుస్తకంలో ఉన్నదీ అదే.

జూలైలో మూడు రోజుల ముందు, అంటే ఐదో తేదీ లోపల వేసి ఉంటే, 30,000 మీద ఒక నెల వడ్డీ 177 రూపాయల 50 పైసలు అదనంగా వచ్చేది. ఏప్రిల్ 4న వేసిన 60,000ను ఆరో తేదీకి జాప్యం చేసి ఉంటే 355 రూపాయలు పోయేవి. పోయిన ఆ సొమ్ము మీద మరుసటి ఏడాది నుంచి రావలసిన వడ్డీ కూడా పోయినట్టే.

వడ్డీ మార్చి 31నే

లెక్క నెలనెలా కట్టినా జమ చేసేది ఏడాదికి ఒక్కసారే, ఆర్థిక సంవత్సరం చివరిరోజున. అందుకని అక్టోబరులోనో సంక్రాంతికో పుస్తకం రాయించుకుంటే అందులో వడ్డీ వరుస కనిపించదు. “ఆరు నెలలయింది, వడ్డీ పడలేదు” అని కంగారు పడనక్కరలేదు. నెలల లెక్క లోలోపల సాగుతూనే ఉంటుంది. ఏప్రిల్‌లో పుస్తకం మళ్లీ రాయించుకుంటే మార్చి 31 తేదీతో వరుస కనిపించాలి. అప్పటికీ కనిపించకపోతేనో, పైన చెప్పిన లెక్కకు బాగా తేడా ఉంటేనో కౌంటరులో అడగాలి. అడిగేటప్పుడు నెలవారీ నిల్వలు ఒక కాగితం మీద రాసుకుని వెళితే తేడా ఏ నెలలో ఉందో వెంటనే తేలుతుంది.

చాలాసార్లు తేడాకు కారణం చెక్కు. చెక్కు ఇచ్చిన రోజు వేరు, దాని సొమ్ము ఖాతాలో పడిన రోజు వేరు. లెక్కకు పనికివచ్చేది సొమ్ము పడిన తేదీయే. మూడో తేదీన చెక్కు ఇచ్చి రశీదు తీసుకున్నా, పుస్తకంలో ఆరో తేదీ పడితే ఆ నెల పోయినట్టే. చెక్కు ఇచ్చేవారు నెల మారకముందే ఇవ్వడం మంచిది.

ఏప్రిల్‌లో మరో చిక్కు ఉన్నది. ఒకటో తేదీన బ్యాంకులు సంవత్సర లెక్కల ముగింపు పనిలో ఉండి ఖాతాదారులకు తెరవవు. ఐదో తేదీ బాబూ జగ్జీవన్‌రామ్ జయంతి. ఏ కార్యాలయం తెరిచి ఉంటుందో, ఏది ఉండదో ముందే కనుక్కోవాలి. మధ్యలో ఆదివారం కూడా పడితే మిగిలేవి రెండు మూడు రోజులే.

ఏడాది పరిమితి ఎలా లెక్కించాలి

ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం 500 రూపాయలు వేయాలి. గరిష్ఠంగా 1,50,000 వేయవచ్చు. ఈ గరిష్ఠ పరిమితి 2014 నుంచి ఉన్నది. ఎన్ని విడతలుగానైనా వేయవచ్చు. పూర్వం ఏడాదికి 12 విడతలే అన్న నిబంధన ఉండేది. ఇప్పుడది లేదు. ఇక్కడ సంవత్సరమంటే ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. జనవరితోనో ఉగాదితోనో దీనికి పని లేదు.

పరిమితి చూసుకునేటప్పుడు మార్చి 31 నాటి వడ్డీ వరుసను కలపరాదు. మన పుస్తకంలో ఆ ఏడాది వేసింది 60,000, 30,000 కలిసి 90,000. ఇంకా 60,000 వేయడానికి చోటు మిగిలి ఉంది. వడ్డీ 19,880 కూడా కలిపి 40,120 మాత్రమే మిగిలిందనుకుంటే పొరపాటు. పాత నిల్వతోనూ పరిమితికి సంబంధం లేదు. ఆ ఏడాది చేతితో వేసిన జమలే లెక్క.

అసలు ఇబ్బంది పిల్లల ఖాతాల దగ్గర వస్తుంది. మైనరు పేరున తండ్రి గాని తల్లి గాని సంరక్షకులుగా ఖాతా తెరిస్తే, ఆ సంరక్షకుని సొంత ఖాతాకూ పిల్లల ఖాతాకూ కలిపి 1,50,000 పరిమితి. తండ్రి తన ఖాతాలో లక్ష వేసి, కూతురి ఖాతాలో 70,000 వేశాడనుకుందాం. ఏ ఒక్క పుస్తకం చూసినా పరిమితి దాటినట్టు కనిపించదు. రెండూ కలిపితే 20,000 ఎక్కువ. ఆ ఎక్కువ సొమ్మును వడ్డీ లేకుండా తిరిగి ఇచ్చేస్తారు. ఒక ఖాతా ఊరి పోస్టాఫీసులో, మరొకటి నెల్లూరు బ్యాంకులో ఉంటే ఈ సంగతి వెంటనే బయటపడదు, ఏళ్ల తరువాత లెక్క తీసేటప్పుడు పడవచ్చు. కనుక ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ పక్కపక్కన పెట్టుకుని ఒకే ఏడాది జమలు కూడుకోవాలి. భార్య తన పేరున తెరిచిన సొంత ఖాతాకు మాత్రం పరిమితి వేరుగానే ఉంటుంది. ఒక మనిషి తన పేరున రెండు పి.పి.ఎఫ్. ఖాతాలు పెట్టుకోరాదు.

మార్చి డబ్బుకు ఏ తేదీ?

కోతల డబ్బు మార్చి రెండో వారంలో వచ్చిందనుకుందాం. ఐదో తేదీ దాటిపోయింది కనుక మార్చికి వడ్డీ ఎలాగూ రాదు. మార్చి 31న వేసినా, ఏప్రిల్ 4న వేసినా వడ్డీ ఏప్రిల్ నుంచే. ఈ రెండు తేదీల మధ్య వడ్డీలో తేడా లేదు. తేడా ఉన్నది పరిమితిలోనే. మార్చి 31న వేస్తే వెళ్లిపోతున్న ఏడాది పరిమితిలోకి పోతుంది, ఏప్రిల్ 4న వేస్తే కొత్త ఏడాది పరిమితిలోకి వస్తుంది. పాత ఏడాదిలో చోటు మిగిలి ఉండి, కొత్త ఏడాదిలో కూడా పెద్ద మొత్తం వేయగలిగినవారు మార్చిలో వేయాలి. పాత ఏడాది 1,50,000 నిండినవారు ఏప్రిల్ దాకా ఆగాలి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను లెక్క కట్టి మినహాయింపు కోరేవారికి, ఆ ఏడాది జమ మార్చి 31 లోపలే పడాలి.

డబ్బు ముందే చేతిలో ఉన్నవారు మాత్రం ఏప్రిల్ మొదట వేయవలసినది మరుసటి మార్చి చివర దాకా ఆపడం నష్టం. ఏటా 60,000 చొప్పున 15 ఏళ్లు వేస్తే, రేటు 7.1 శాతంగానే ఉంటే, ఏప్రిల్ ఐదులోపు వేసిన ఖాతాలో చివరకు సుమారు 16,27,000 అవుతుంది. ప్రతి ఏడూ మార్చి ఆఖరున వేసిన ఖాతాలో సుమారు 15,19,000. వేసిన సొమ్ము ఒక్కటే అయినా తేడా లక్ష రూపాయల పైచిలుకు.

అలాగని ఐదో తేదీ కోసం అప్పు చేయడం తెలివితక్కువ పని. రూపాయి వడ్డీకి తెచ్చినా ఏడాదికి నూటికి 12 రూపాయలు కట్టాలి, ఇక్కడ వచ్చేది 7 రూపాయల 10 పైసలు. వేట నిషేధ కాలంలో ఇల్లు గడవడానికి ఉంచుకున్న సొమ్మునూ ఇందులో వేయరాదు. ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్లు నిండితే గాని కొంత మొత్తమైనా వెనక్కు తీసుకునే వీలు లేదు. జూన్ 14 దాకా ఇంటి ఖర్చుకు ఎంత కావాలో పక్కన పెట్టి, మిగిలినదే ఏప్రిల్ మొదటి రోజులలో పుస్తకంలో వేయించుకోవాలి.