‘అది’ అంటే ఏది?

పదో తరగతి పిల్లల వ్యాసాల్లోనే కాదు, సంఘాల సావనీర్లలో పెద్దవాళ్లు రాసే వ్యాసాల్లోనూ ఇలాంటి పేరా ఒకటి ఎక్కడో ఒకచోట తగులుతుంది:

“ఆర్థర్ కాటన్ ఇంజనీరు. ఆర్థర్ కాటన్ గోదావరి జిల్లాలో కరువును చూశాడు. ఆర్థర్ కాటన్ నదిపై ఆనకట్ట కట్టాలని ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ప్రభుత్వం నివేదికను ఆమోదించింది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలైంది. ఆనకట్ట పని 1852లో పూర్తయింది. ఆనకట్ట వల్ల డెల్టా పొలాలకు నీళ్లు వచ్చాయి.”

సమాచారంలో తప్పేమీ లేదు. కానీ ఏ వాక్యానికా వాక్యం విడిగా నిలబడింది. కిందటి వాక్యంలో చూసిన మనిషినే మళ్లీ మొదటిసారి చూస్తున్నట్టు ఉంటుంది చదివేవారికి. మాస్టారు పక్కన ఎర్రసిరాతో ‘పునరుక్తి’ అని రాస్తారు. సరేనని పిల్లవాడు నామవాచకాలు తీసేసి సర్వనామాలు దించుతాడు:

“ఆర్థర్ కాటన్ ఇంజనీరు. అతను గోదావరి జిల్లాలో కరువును చూశాడు. అతను నదిపై ఆనకట్ట కట్టాలని ప్రభుత్వానికి నివేదిక పంపాడు. అది దాన్ని ఆమోదించింది. అది 1847లో మొదలైంది. అది 1852లో పూర్తయింది.”

మొదటి పేరా విసుగు పుట్టించింది గానీ అర్థమైంది. ఇదైతే అర్థం కూడా కాదు. ‘అది దాన్ని ఆమోదించింది’ అన్నచోట మొదటిది ప్రభుత్వం, రెండోది నివేదిక అని మనకు ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. తర్వాతి వాక్యంలో 1847లో మొదలైంది ఏది? వరస చూస్తే ప్రభుత్వమో నివేదికో అవ్వాలి. ఆనకట్ట రెండు వాక్యాల వెనకే ఉండిపోయింది. సర్వనామం దగ్గర్లో ఉన్న పేరునే పట్టుకుంటుంది, రాసేవాడి మనసులో ఉన్నదాన్ని కాదు.

ఇదే పేరాను రాయడం అలవాటైన చెయ్యి ఇలా రాస్తుంది:

“ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి జిల్లాలో కరువును చూసి, నదిపై ఆనకట్ట కట్టాలని ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ప్రభుత్వం ఆమోదించడంతో ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ఈ ఆనకట్ట వల్ల డెల్టా పొలాలకు నీళ్లు వచ్చాయి.”

మూడుసార్లు వచ్చిన కాటన్ పేరు ఒక్కసారితో సరిపోయింది. నాలుగుసార్లు వచ్చిన ఆనకట్ట రెండుకు దిగింది. అయినా ఇందులో ‘అతను’ లేదు, ‘అది’ లేదు. తెలుగులో పేరును తప్పించడానికి మొదటి దారి సర్వనామం కాదు, అసలేమీ రాయకపోవడం. ‘పంపాడు’లోని ‘డు’ చూడగానే కర్త ఎవరో తెలిసిపోతున్నప్పుడు ‘అతను’ వట్టి బరువు. ‘చూసి’, ‘మొదలై’ లాంటి క్రియలు రెండు పనులనూ ఒకే కర్తకు కట్టేస్తాయి. దీనికో షరతుంది: రెండు పనులూ చేసేది ఒకరే కావాలి. ‘కాటన్ నివేదిక పంపి ప్రభుత్వం ఆమోదించింది’ అంటే వాక్యం కుంటుతుంది. కర్త మారింది కాబట్టే పైన ‘ఆమోదించడంతో’ అనాల్సి వచ్చింది.

ఇలా వదిలేయడం మగవారి గురించి రాస్తున్నప్పుడు చెల్లినంత సులువుగా ఆడవారి గురించి రాస్తున్నప్పుడు చెల్లదు. “సుజాత కంపెనీ పెట్టింది. రెండేళ్లలో మంచి పేరు తెచ్చుకుంది.” పేరు తెచ్చుకున్నది సుజాతా, కంపెనీయా? ఆ స్థానంలో రమేశ్ ఉంటే ‘తెచ్చుకున్నాడు’, ‘తెచ్చుకుంది’ అన్న తేడాతో తేలిపోయేది. తెలుగు క్రియ స్త్రీకీ వస్తువుకూ ఏకవచనంలో ఒకే ప్రత్యయం వాడుతుంది. అందుకని ఇక్కడ ‘ఆమె’ అనో ‘ఆ కంపెనీ’ అనో రాసి తీరాలి.

గౌరవవాచకంతో ఈ చిక్కు తీరుతుందిగా అంటారేమో. తీరుతుంది, ఇంకొకటి మొదలవుతుంది. “కలెక్టర్ గారు రైతులతో మాట్లాడారు. పంట నష్టం గురించి వారు వివరించారు.” వివరించింది రైతులా, కలెక్టరా? ‘వారు’ ఒక్కరికి గౌరవంగానూ వస్తుంది, పదిమందికీ వస్తుంది. సభల నివేదికల్లో ఈ ‘వారు’ చేసే గందరగోళం అంతా ఇంతా కాదు. ఒక్కరి గురించైతే ‘ఆయన’, ‘ఆమె’ అని రాస్తే చాలు, గౌరవమూ తగ్గదు. రైతుల గురించైతే ‘రైతులు’ అని మళ్లీ రాయడమే మేలు.

ఒకచోట మాత్రం మన భాష మనకు సాయం చేస్తుంది. “తన బండి పోయిందని రవి శీనుకు చెప్పాడు” అంటే పోయింది రవి బండి. “అతని బండి” అంటే ఇంకొకరిది. ‘తన’ ఉన్న భాషలో ‘అతని’ని ఇష్టమొచ్చినట్టు వాడడం చేతిలో ఉన్న సౌకర్యాన్ని పారేసుకోవడమే.

ఇంతవరకూ చెప్పింది అదే వస్తువును మళ్లీ చూపించడం గురించి. అదే రకానికి చెందిన మరో వస్తువును చూపించడం వేరే పని. ఎం.ఎ.కె. హాలిడే, రుఖైయా హసన్ ఇంగ్లీషు వాక్యాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో వివరిస్తూ 1976లో వెలువరించిన పుస్తకంలో ఈ రెంటినీ విడదీశారు. “ధవళేశ్వరంలో కాటన్ కట్టించిన ఆనకట్ట పందొమ్మిదో శతాబ్దం నాటిది. ఇప్పుడు వాడుకలో ఉన్నది ఇరవయ్యో శతాబ్దంలో కట్టినది.” ఈ రెండో వాక్యంలోని ‘ఉన్నది’ మొదటి ఆనకట్ట కాదు, మరొకటి. ఇక్కడ ‘అది’ అని రాస్తే ఒకే కట్టడానికి రెండు శతాబ్దాలు అంటగట్టినట్టవుతుంది. ‘పాతది’, ‘రెండోది’, ‘మరొకటి’, ‘అలా చేయడం’ అన్నవన్నీ ఇలా ఒక మాటకు బదులు నిలబడేవే.

వ్యాసకర్తలు ఎక్కువగా జారిపడేది ‘ఇది’, ‘దీన్ని’ దగ్గర. “పంటల బీమా గడువు చాలామందికి తెలియదు. నష్టం అంచనా వేయడానికి వచ్చేవారు ఆలస్యంగా వస్తారు. దీన్ని సరిదిద్దాలి.” దేన్ని? తెలియకపోవడాన్నా, ఆలస్యాన్నా, రెంటినీనా? ఒక్క పేరు చేర్చి ‘ఈ ఆలస్యాన్ని’ అనో ‘ఈ రెండు లోపాలను’ అనో రాస్తే సందేహం పోతుంది, పైగా ముందు చెప్పిందంతా ఒక్క మాటలో మూట కట్టినట్టవుతుంది. రాసినదాన్ని సరిచూసుకోవడానికీ ఇదే దారి. ప్రతి ‘అది’ కిందా, ప్రతి ‘దీన్ని’ కిందా గీత గీసి, అది ఏ పేరును చూపుతోందో ఆ పేరు దాకా పెన్సిల్‌తో బాణం వేయండి. బాణం రెండు పేర్లకు పోతున్నా, ఏ పేరుకూ చేరకపోయినా అక్కడ నామవాచకం రాయాల్సిందే.

పునరుక్తి భయంతో కొందరు ఇంకో దారి పడతారు. మొదటి వాక్యంలో కాటన్, రెండో దాంట్లో ‘ఆ మహనీయుడు’, మూడో దాంట్లో ‘ఆ ఆంగ్లేయుడు’, నాలుగో దాంట్లో ‘అపర భగీరథుడు’. కథ తెలియని పాఠకుడు నలుగురు కలిసి ఆనకట్ట కట్టారనుకుంటాడు. ఇంతకంటే కాటన్ పేరే నాలుగుసార్లు రాయడం నయం.

కొత్త పేరా మొదట్లో, ఇద్దరు ముగ్గురి ప్రస్తావన కలిసిపోయినచోట పేరు తిరిగి రావడం దోషం కాదు. క్రయ దస్తావేజు తీసి చూస్తే ‘షెడ్యూలు ఆస్తి’, ‘సదరు ఆస్తి’ అన్న మాటలు పేజీ పొడుగునా కనిపిస్తాయి. ‘సదరు’ వెనక్కి చూపించే మాటే. అయినా దస్తావేజు లేఖరి దాని పక్కన ‘ఆస్తి’ని వదలడు. అక్కడ ‘అది’ అని రాసి ఊరుకుంటే, ఏది అమ్మారన్నది రేపు కోర్టులో తేలాల్సి వస్తుంది.