ఆ గది ఫొటో ఎక్కడ తీసింది?

అద్దె ప్రకటనలోని ఫొటో తనంతట తాను ఏ ఊరిదో చెప్పదు. కింద డబ్లిన్ అని రాసి ఉంటే డబ్లిన్ అనుకుంటాం, గచ్చిబౌలి అని రాసి ఉంటే గచ్చిబౌలి అనుకుంటాం. ఫోన్ కెమెరా ఫొటో తీసేటప్పుడు అక్షాంశ రేఖాంశాలను ఫైల్ లోపల దాచగలదు కానీ, ఆ ఫొటో వాట్సాప్ దాటేసరికి ఆ వివరాలు మామూలుగా పోతాయి. చాలా వెబ్‌సైట్లు కూడా వాటిని తుడిచేస్తాయి. ఇక మిగిలేది బొమ్మ ఒక్కటే. ఆ బొమ్మనే ప్రశ్నగా చేసి, ఇది ఇంకెక్కడెక్కడ కనిపించిందని వెతికే యంత్రమే రివర్స్ ఇమేజ్ సెర్చ్. అది ఎలా పుట్టిందో తెలిస్తే, అది చెప్పే జవాబుల్లో దేన్ని నమ్మాలో కూడా తెలుస్తుంది.

1990లలో ఐబీఎం వాళ్లు బొమ్మలను రంగును బట్టి, ఆకారాన్ని బట్టి వెతికే ఒక వ్యవస్థను తయారుచేశారు. రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియం తన చిత్రాల కోసం దాన్ని వాడుకుంది. పై భాగంలో నీలం, కింద ఆకుపచ్చ ఉన్న చిత్రాలు కావాలంటే తీసి ఇచ్చేది. మన అవసరానికి అది చాలదు. రంగులు కలిసినంత మాత్రాన రెండు గదులు ఒకటి కావు కదా.

అసలు మలుపు 1999లో వచ్చింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ లో అనే ఆచార్యుడు, బొమ్మ మొత్తాన్ని కాకుండా అందులోని ప్రత్యేకమైన బిందువులను గుర్తుపట్టే పద్ధతి చెప్పాడు. కిటికీ చట్రం మూల, టైల్ మీది పువ్వు అంచు, పుస్తకం వీపు మీది అక్షరం, ఇలా వెలుగునీడలు గట్టిగా మారే చోట్లను ఆ పద్ధతి ఏరుకుంటుంది. ఒక్కో బిందువు చుట్టూ వెలుగు ఏ దిక్కుకు ఎంత మారుతోందో 128 అంకెల్లో రాసుకుంటుంది. ఫొటోను చిన్నది చేసినా, కొంచెం పక్కకు తిప్పినా, సగం కత్తిరించినా మిగిలిన బిందువుల అంకెలు దాదాపు అలాగే ఉంటాయి. రెండు ఫొటోల్లో అలాంటి బిందువులు చాలా కలిసి, వాటి మధ్య అమరిక కూడా కుదిరితే అవి ఒకే చోటివని చెప్పొచ్చు. బోసిగా ఉన్న తెల్లగోడ ఫొటో ఇలాంటి వెతుకులాటకు ఎందుకు పనికిరాదో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. గోడలో పట్టుకోవడానికి బిందువులే ఉండవు.

2008లో టొరంటో నుంచి టిన్‌ఐ వచ్చింది. ప్రతి బొమ్మకూ వేలిముద్ర లాంటి ఒక సంకేతం తయారుచేసి, వెబ్‌లో తాను చూసిన బొమ్మల సంకేతాలతో పోల్చడం దాని పని. 2011లో గూగుల్ తన ఇమేజ్ సెర్చ్‌కు కెమెరా గుర్తు తగిలించింది. 2017లో గూగుల్ లెన్స్ వచ్చింది, 2022లో ఆ కెమెరా గుర్తు వెనక పాత పద్ధతిని తీసేసి లెన్స్‌ను పెట్టారు. అద్దె ఇళ్ల ఫొటోలు వెతికేవాళ్లకు ఈ మార్పు పెద్దదే. టిన్‌ఐ అడిగేది 'ఇదే ఫొటో ఇంకెక్కడుంది?' అని. లెన్స్ మొదట అడిగేది 'ఈ ఫొటోలో ఏముంది?' అని. బూడిదరంగు సోఫా ఉన్న హాలు ఫొటో ఇస్తే, లెన్స్ అలాంటి సోఫాలు అమ్మే దుకాణాలను వరసగా చూపిస్తుంది. అది తప్పు చేయడం లేదు, వేరే ప్రశ్నకు జవాబు చెబుతోంది. మన ప్రశ్నకు జవాబు కావాలంటే ఫలితాల్లో Exact matches అనే చోటికి వెళ్లాలి. ఈ తేడా తెలియక చాలామంది సోఫాల దగ్గరే ఆగి, ఏమీ దొరకలేదనుకుని డబ్బు పంపేస్తున్నారు.

మా బంధువుల అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి డబ్లిన్ వెళ్లే ముందు ఒక ప్రకటన పంపాడు. "బాబాయ్, ఇల్లు బాగుంది. ముందు డిపాజిట్ వేస్తే తాళాలు కొరియర్‌లో పంపుతారట" అన్నాడు. రెండు పడగ్గదుల ఫ్లాట్‌కు సగటున రెండు వేల యూరోలకు పైగా పలికే ఊళ్లో వాళ్లు 1,100 అడుగుతున్నారు. ఇల్లుగలాయన వేరే దేశంలో ఉన్నాడట, చూపించడం కుదరదట. వాట్సాప్‌లో అయిదు ఫొటోలు వచ్చాయి.

వెతకడానికి ముందు ఫొటోలను పెద్దవి చేసి చూశాం. వంటగదిలో కెటిల్ పక్కన ఒక సాకెట్ ఉంది. గుండ్రటి గుంట, అందులో రెండు రంధ్రాలు, పై భాగంలో బయటికి పొడుచుకొచ్చిన ఒక లోహపు పిన్ను. ఐర్లండ్ ఇళ్లలో ఉండేది బ్రిటన్ రకం సాకెట్: మూడు దీర్ఘచతురస్రపు రంధ్రాలు, చాలాసార్లు పక్కనే ఒక స్విచ్. పిన్ను పొడుచుకొచ్చే ఈ గుండ్రటి రకం ఫ్రాన్స్, బెల్జియం, పోలండ్, చెక్, స్లోవాక్ దేశాల్లో వాడతారు. అంటే ఏ యంత్రాన్నీ అడగకుండానే ఆ వంటగది డబ్లిన్‌ది కాదని దాదాపు తేలిపోయింది. అద్దె ఫొటోల్లో నేను మొదట చూసేది సాకెట్‌నే. సోఫాలూ పరుపులూ అన్ని దేశాల్లో ఒకేలా ఉంటాయి కానీ, గోడలోని కరెంటు ఏర్పాటు ఆ దేశ ప్రమాణాల ప్రకారమే ఉంటుంది.

అప్పుడు వెతుకులాట మొదలుపెట్టాం. హాలు ఫొటో మొత్తం ఇస్తే లెన్స్ సోఫాలే చూపించింది. సోఫాను వదిలేసి, గోడమీద వేలాడుతున్న పటాలూ పుస్తకాల అరా మాత్రమే కనిపించేలా కత్తిరించి మళ్లీ ఇచ్చాం. టిన్‌ఐలో ఏమీ రాలేదు. ప్రతి యంత్రం తాను చూసిన పేజీల్లోనే వెతుకుతుంది కాబట్టి ఒక్కదాన్ని అడిగి ఊరుకోకూడదు. రష్యా కంపెనీ యాండెక్స్ ఇమేజ్ సెర్చ్‌లో అదే అర, అవే పటాలు దొరికాయి. అది పోలిష్ భాషలో ఉన్న పాత ప్రకటన, ఇల్లు అద్దెకు కాదు, అమ్మకానికి. ఊరు క్రాకోవ్.

ఎవరు ఎవరి ఫొటోను ఎత్తుకున్నారన్న ప్రశ్న ఇంకా మిగిలింది. దానికి జవాబు ఫొటో అంచుల్లో ఉంది. డబ్లిన్ ప్రకటనలోని వంటగది ఫొటో సాకెట్ తర్వాత కాస్త దూరంలోనే తెగిపోయింది. పోలిష్ ప్రకటనలో అదే ఫొటో ఎడమవైపు ఇంకా కొనసాగి, మొత్తం కిటికీ కనిపిస్తోంది. కత్తిరించిన ముక్కలోంచి పూర్తి ఫొటో రాదు, పూర్తి ఫొటోలోంచే ముక్క వస్తుంది. బొమ్మను కొనసాగించి గీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి కాబట్టి ఈ ఒక్క ఆధారంతో ఆగకుండా తేదీ కూడా చూడాలి. పోలిష్ ప్రకటన ఎంతో ముందుది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. టిన్‌ఐ చూపించే తేదీ, ఫొటోను ఆ యంత్రం మొదటిసారి చూసిన రోజు. ఫొటో తీసిన రోజు కాదు.

ఆ కిటికీలోంచి పైకప్పుల వెనక రెండు గోపురాలు కనిపించాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కిటికీ భాగం మాత్రం కత్తిరించి ఇస్తే లెన్స్ వెంటనే క్రాకోవ్ సెయింట్ మేరీ చర్చి అని చెప్పింది. ఈ పనికి మాత్రం లెన్స్‌ను మించింది లేదు, ఎందుకంటే ఇప్పుడు ప్రశ్నే 'ఇందులో ఏముంది' అన్నది. ఆ చర్చి ముందున్న పెద్ద చౌకులో నిలబడితే పొడుగు గోపురం ఎడమచేతి వైపు ఉంటుంది. మన ఫొటోలో అది కుడివైపు ఉంది. అంటే ఫొటో తీసినవాళ్లు చర్చికి వెనకవైపు, తూర్పు దిక్కున ఉండాలి. లేదా ఫొటోను అద్దంలో లాగా తిరగేసి ఉండాలి.

తిరగేయడం మోసగాళ్లకు బాగా అలవాటైన పని. అలా చేస్తే బిందువుల చుట్టూ ఉన్న దిక్కులన్నీ తారుమారై సంకేతం మారిపోతుంది, వెతికే యంత్రం పోల్చుకోలేకపోవచ్చు. అందుకే ఏమీ దొరకనప్పుడు ఫోన్ గ్యాలరీలోనే ఫొటోను తిరగేసి మరోసారి వెతకాలి. తిరగేశారో లేదో చెప్పడానికి అక్షరాలు చాలు: పుస్తకాల పేర్లు, ఓవెన్ మీది కంపెనీ పేరు, గోడ గడియారం మీది అంకెలు. ఆ వంటగది ఫొటోలోని అక్షరాలు సరిగానే ఉన్నాయి. పోలిష్ ప్రకటనలో రాసిన పేట కూడా క్రాకోవ్ పాతబస్తీకి తూర్పునే ఉంది. స్ట్రీట్ వ్యూలో ఆ పేట వీధుల్లోకి వెళ్లి, కిటికీకి ఎదురుగా కనిపించిన భవనం బాల్కనీ కటకటాలను పోల్చి చూశాం. కలిశాయి. అక్కడితో ఆగిపోయాం. అది ఎవరో ఒకరి నిజమైన ఇల్లు, ఫ్లాట్ నంబరుతో మనకు పని లేదు.

ఇంత తేలికగా తేలని సందర్భాలూ ఉన్నాయి. పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాల్లో ఒక నమూనా ఫ్లాట్ ఫొటోలనే అన్ని ఫ్లాట్లకూ వాడతారు. అదే ఫొటో పది ప్రకటనల్లో కనిపించినా అది మోసం కాకపోవచ్చు. ఊరూ సముదాయమూ ఒకటేనా అని చూసుకోవాలి. దీనికి తలకిందుల మోసం అమెరికాలో ఎక్కువ. అమ్మకానికి పెట్టిన నిజమైన ఇంటి ఫొటోలను, నిజమైన చిరునామాతో సహా ఎత్తుకొచ్చి తక్కువ అద్దెకు ఇస్తామంటారు. అక్కడ ఫొటో ఎక్కడిదన్న దాంట్లో అబద్ధమేమీ లేదు, అద్దెకిస్తానన్న మనిషే అబద్ధం. వెతికినప్పుడు అదే ఇల్లు వేరే ఏజెంటు పేరుతో, వేరే ఫోన్ నంబరుతో అమ్మకానికి కనిపిస్తే ఆ అసలు ఏజెంటుకే ఫోన్ చేయాలి.

అన్నిటికంటే ప్రమాదం ఏ ఫలితమూ రాకపోవడం. దాన్ని చాలామంది శుభవార్తగా తీసుకుంటారు. లాగిన్ అయితే తప్ప తెరుచుకోని ఫేస్‌బుక్ గ్రూపులూ, వాట్సాప్‌లో తిరిగే ఫొటోలూ ఈ యంత్రాల కంట పడవు. కంప్యూటర్‌తో కొత్తగా సృష్టించిన గదికి అసలు కాపీయే ఉండదు. ఫొటో వేరే ఊరిదని దొరికితే అబద్ధం తేలుతుంది కానీ, దొరకనంత మాత్రాన నిజమని తేలదు.

విదేశాల్లో చదివే పిల్లల డిపాజిట్లు చాలావరకు ఇక్కడి తల్లిదండ్రుల ఖాతాల్లోంచే వెళ్తున్నాయి కాబట్టి ఈ మాట వాళ్లకే చెప్పాలి. వెతుకులాటలో ఏం తేలినా, అక్కడున్న తెలిసినవాళ్లను పంపి ఇల్లు చూడమనండి. అదీ కుదరకపోతే వీడియో కాల్‌లో వీధి గుమ్మం నుంచి వంటగది సాకెట్ దాకా ఆపకుండా చూపించమని అడగండి. వాళ్లు కుదరదంటే డబ్బు పంపకండి. ఇప్పటికే మన ఖాతాలోంచి డబ్బు వెళ్లిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి, బ్యాంకుకు కూడా అప్పుడే చెప్పండి.