ఇంట్లో ఉండే నాన్న: అరగంట గడుల లెక్క

"మీ ఆయన ఏం కొలువు చేస్తుండు బిడ్డా? ఇంట్లనేనా?" భార్య ఉద్యోగానికి పోయి, భర్త పిల్లల్ని చూసుకునే ఇల్లు హన్మకొండ గల్లీలో ఉంటే ఈ ప్రశ్న తప్పదు. అడిగేవాళ్లకు అలాంటి మగవాళ్లు కనిపించడమే తక్కువ. 2011 జనగణనలో ఇంటిపనే ప్రధానమని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షలు. అంటే వందకు ముగ్గురో నలుగురో. ఇబ్బంది తప్పించుకోవడానికి కొందరు 'వర్క్ ఫ్రమ్ హోమ్' అని చెప్తారు. అక్కడితో అయిపోదు, ఏ కంపెనీ, జీతమెంత అని రెండో ప్రశ్న వస్తుంది. "పాపను నేనే చూసుకుంటున్న" అంటే మాట అక్కడే ఆగే అవకాశం ఎక్కువ.

ఇరుగుపొరుగు నోళ్ల కంటే లోపలి అనుమానం గట్టిది. నేను ఖాళీగా ఉన్నానా అని ఆయనకు, పాప నాకు దూరమవుతోందా అని ఆమెకు. దీనికి కేంద్రం చేసే సమయ వినియోగ సర్వే పద్ధతి పనికొస్తుంది. అందులో తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా రోజును అరగంట గడులుగా విడగొట్టి, ఏం చేశారో రాస్తారు. 2024 సర్వేలో జీతంలేని ఇంటిపని చేసినవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెట్టినట్టు తేలింది. పిల్లల, పెద్దల ఆలనాపాలనా లెక్క వేరు.

కాజీపేటలో ఒక జంట ఉందనుకుందాం. ఆమె నర్సు, ఆయన ఏడాదిన్నర పాపతో ఇంట్లో. ఒక్కరోజు గడులు నింపితే ఆయన ఖాతాలో వంట, అంట్లు, బట్టలకు తొమ్మిది గడులు, అంటే 270 నిమిషాలు. పాపకు స్నానం, తిండి, నిద్రకు మరో ఏడు. ఆ 270 నిమిషాలు ఆడవాళ్ల సగటు ఇంటిపని కంటే 19 నిమిషాలే తక్కువ. ఖాళీ అన్న మాటకు ఇక్కడ చోటు లేదు.

ఆమె కాగితం కూడా చూడాలి. డ్యూటీ దిగి వచ్చాక రాత్రి వంటకు మూడు గడులు. ఎందుకంటే అత్తగారు వచ్చి ఉన్నారు, కొడుకు గరిటె పడితే ఆవిడకు నచ్చదు. చుట్టాలొస్తే ఇల్లు పాత పద్ధతికి జారిపోవడం చాలామందికి తెలిసిందే. ఒక్కరోజు కాగితం దాన్ని పట్టుకోదు, వారం రాయాలి.

గడుల్లోకి రానిది ఇంకొకటుంది: గుర్తుపెట్టుకోవడం. 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ బూస్టర్, ఎంఆర్ రెండో డోసు వేయించాలి. పాపను టీకాకు ఎత్తుకెళ్లేది ఆయనే అయినా, వార్డులో ఉండి "ఇవాళ బుధవారం, కార్డు తీసుకుపో" అని ఫోన్ చేసేది ఆమె అయితే, సగం పని ఇంకా ఆమె నెత్తినే ఉంది. ఆ కార్డు, దాని తేదీలు కూడా ఆయనకే అప్పగించాలి. అప్పగించాక ఆమె ఫోన్ చేయకూడదు. ఇదే కష్టమైన భాగం.