నీళ్లు అడిగిందా, అడగలేదా?

వాషింగ్ మెషిన్ స్టార్ట్ బటన్ నొక్కినా లోపలికి నీళ్లు దిగకపోతే ఇంట్లోవాళ్లు ముందు కుళాయి వైపు చూస్తారు. అక్కడ నీళ్లు వస్తుంటే ఇక అనుమానమంతా మెషిన్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మీదే. బోర్డులూ పాడవుతాయి, కాదనను. కానీ దాని దాకా వెళ్లకముందే చూడాల్సినవి మూడున్నాయి: నీళ్ల పైపు వచ్చి కలిసేచోట ఉండే జాలీ ఫిల్టర్, దాని వెనకే ఉండే ఇన్‌లెట్ వాల్వ్, టబ్‌లో నీటిమట్టం ఎంతుందో చెప్పే ప్రెషర్ స్విచ్. వీటిలో తప్పు దేనిదో తెలుసుకోవడానికి చేతికి పనిముట్టు తీసుకోకముందు చెవి పెట్టి వినాలి.

మెషిన్ నీళ్లు అడిగిందా, అసలు అడగనే లేదా అన్నది మొదటి ప్రశ్న. అడిగితే వాల్వ్‌కు కరెంటు వెళుతుంది, మెషిన్ వెనక పైపు తగిలించిన చోట సన్నగా ‘గుయ్’మనే మోత వినిపిస్తుంది. మోత ఉండి నీళ్లు రాకపోతే కరెంటు సంగతి బాగానే ఉన్నట్టు, అడ్డు నీళ్ల దారిలో ఉన్నట్టు. మోత లేకుండా కొన్ని నిమిషాల తర్వాత ఎర్రర్ చూపిస్తే (ఎల్‌జీ మెషిన్లలో IE, శాంసంగ్‌లో 4E లేదా 4C) వాల్వ్ కాయిల్‌నో, దానికి వెళ్లే తీగల్నో అనుమానించాలి. మోతా లేదు, ఎర్రరూ లేదు, పొడి బట్టలతోనే ఉతకడం మొదలుపెట్టేసింది అంటే టబ్ నిండిపోయిందని మెషిన్ అనుకుంటోందన్న మాట. అక్కడ చూడాల్సింది ప్రెషర్ స్విచ్‌ని. ఒక జాగ్రత్త: చాలా టాప్‌లోడ్ మెషిన్లు బట్టల బరువు తెలుసుకోవడానికి మొదట కొన్ని సెకన్లు పొడిగానే తిరుగుతాయి. అది రోగం కాదు. ఫ్రంట్‌లోడ్ అయితే తలుపు లాక్ పడేదాకా వాల్వ్ తెరుచుకోదు కాబట్టి ఆ ‘టక్’ శబ్దం వచ్చిందో లేదో కూడా గమనించాలి.

మోత ఉండి నీళ్లు రాని సందర్భమే మన దగ్గర ఎక్కువ. కుళాయి కట్టేసి, ప్లగ్ తీసేసి, మెషిన్ వెనక పైపు మర విప్పండి. పైపు కొస బకెట్లో పెట్టి కుళాయి తిప్పితే ధార ఎలా ఉందో తెలిసిపోతుంది. ధార బాగుంటే మెషిన్ వైపున్న మూతిలోకి చూడండి. గుండ్రటి చిన్న ప్లాస్టిక్ జాలీ కనిపిస్తుంది, మధ్యలో పట్టుకోవడానికి చిన్న బొడిపె ఉంటుంది. దాన్ని పటకారుతో మెల్లగా పట్టి నిటారుగా లాగితే వచ్చేస్తుంది. ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో ఇసుకా, బోరు నీళ్లు వాడే ఇళ్లలో తెల్లగా గట్టిపడ్డ సున్నపు పొరా ఈ జాలీని మూసేస్తాయి. ఇసుకైతే పాత టూత్‌బ్రష్‌తో పోతుంది. సున్నమైతే వెనిగర్‌లోనో, నిమ్మరసంలోనో కాసేపు నానబెట్టాలి. సూదితో పొడిస్తే జాలీ చిరుగుతుంది. చిరిగిన జాలీ పెట్టడం, అసలు పెట్టకుండా వదిలేయడం రెండూ ఒకటే. ఇసుక నేరుగా వాల్వ్‌లోకి పోతుంది. సంపు కడిగించిన మర్నాడో, పైప్‌లైన్ మరమ్మతు అయిన వెంటనేనో నీళ్లు ఆగిపోతే మొదటి అనుమానం ఈ జాలీ మీదే పెట్టుకోవచ్చు.

జాలీ శుభ్రంగా ఉంది, పైపులో నీళ్లున్నాయి, మోత వినిపిస్తోంది, అయినా నీళ్లు దిగడం లేదు. ఇది చాలామందికి అంతుపట్టదు. కారణం తెలియాలంటే వాల్వ్ ఎలా తెరుచుకుంటుందో తెలియాలి. కరెంటు వచ్చి వాల్వ్‌ను తెరుస్తుందని అనుకుంటాం గానీ, కాయిల్ బలం చాలా తక్కువ. వాల్వ్‌లో నీళ్లకు అడ్డంగా ఒక రబ్బరు పొర ఉంటుంది. దానికి పక్కగా సన్నటి బెజ్జం, నడిమధ్య ఇంకో బెజ్జం. పక్క బెజ్జం గుండా నీళ్లు పొర పైకి చేరి, ఆ ఒత్తిడితో పొరను కిందికి అదిమిపెడతాయి. నడిమి బెజ్జాన్ని స్ప్రింగు ఉన్న చిన్న ఇనుప కడ్డీ మూసి ఉంచుతుంది. కాయిల్‌లో కరెంటు పారితే ఆ కడ్డీ మాత్రమే పైకి లేస్తుంది. అప్పుడు పొర పైనున్న నీళ్లు నడిమి బెజ్జం గుండా జారిపోతాయి, కింది నీళ్ల ఒత్తిడి పొరను పైకి నెడుతుంది, దారి తెరుచుకుంటుంది. అంటే వాల్వ్‌ను నిజంగా తెరిచేది నీళ్ల ఒత్తిడే. అది చాలకపోతే కాయిల్ ఎంత మోత మోగినా పొర కదలదు.

ఎంత ఒత్తిడి కావాలి? చాలా మెషిన్ల మాన్యువల్‌లో కనీసం 0.3 నుంచి 0.5 బార్ అని రాసి ఉంటుంది. పది మీటర్ల ఎత్తున్న నీళ్లు సుమారు ఒక బార్ ఒత్తిడి ఇస్తాయి. ఆ లెక్కన ట్యాంకులోని నీళ్లు మెషిన్ వాల్వ్ కంటే కనీసం మూడు నుంచి ఐదు మీటర్ల ఎత్తున ఉండాలి. ఇప్పుడు పై అంతస్తులో కాపురం ఉన్నవాళ్ల సంగతి చూడండి. స్లాబు ఎత్తు మూడు మీటర్లు. మెషిన్ వాల్వ్ నేలకు మీటరు ఎత్తులో ఉంటుంది. ట్యాంకును నేరుగా స్లాబు మీదే పెడితే, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కూడా తేడా మూడు మీటర్లకు అటూ ఇటూ. ట్యాంకు సగానికి తగ్గితే అదీ ఉండదు. ఉదయం పనిచేసిన మెషిన్ మధ్యాహ్నం ఎర్రర్ చూపించడానికి కారణం చాలా ఇళ్లలో ఇదే. అలాంటి ఇంట్లో వాల్వ్ మార్చినా, బోర్డు మార్చినా ప్రయోజనం లేదు. ట్యాంకు కింద దిమ్మె ఎత్తు పెంచాలి, లేదా చిన్న ప్రెషర్ పంపు పెట్టించాలి, లేదా తక్కువ ఒత్తిడికి తెరుచుకునే వాల్వ్ తమ మోడల్‌కు దొరుకుతుందేమో కనుక్కోవాలి.

వాల్వ్ గురించి ఇంకో గుర్తు. మెషిన్ ఆపేసి ఉన్నా టబ్‌లోకి చుక్కచుక్కగా నీళ్లు పడుతుంటే పొర పక్క బెజ్జంలోనో, పొర కూర్చునే అంచులోనో చెత్త ఇరుక్కుందని అర్థం. అది కరెంటు తప్పు కాదు. ప్లగ్ తీసినా నీళ్లు కారుతూనే ఉంటాయి.

ఇక మోత లేని సందర్భం. ఇక్కడ మల్టీమీటర్ కావాలి. ప్లగ్ తీసి, కుళాయి కట్టి, వెనక పలక విప్పండి. వాల్వ్ మీద కాయిల్‌కు రెండు తీగలు తగిలించి ఉంటాయి. తీసేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే మళ్లీ పెట్టేటప్పుడు తికమక ఉండదు. తీగలు తీసేసి, మీటర్‌ను 20 కిలో ఓమ్‌ల స్థాయిలో పెట్టి కాయిల్ రెండు కాళ్లకూ ముళ్లు ఆనించండి. 230 వోల్టుల కాయిల్ అయితే సాధారణంగా మూడున్నర నుంచి ఐదు కిలో ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. మీటర్ OL అనో, ఎడమ పక్కన ఒంటరిగా 1 అనో చూపిస్తే లోపలి తీగ తెగిపోయింది, వాల్వ్ మార్చాల్సిందే. మోడల్‌ను బట్టి అంకె మారొచ్చు కాబట్టి పోల్చి చూడటం నమ్మకమైన పద్ధతి. చాలా మెషిన్ల వాల్వ్‌లో రెండో మూడో కాయిల్స్ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి 4.1, రెండోది 4.2 చూపిస్తే రెండూ బాగున్నట్టు. ఒకటి 4.1 చూపించి రెండోది OL అంటే దొంగ దొరికినట్టే. కాయిల్ బాగుండి కూడా మోత రాకపోతే అప్పుడు తీగలు, వాటి కనెక్టర్లు, ఆ తర్వాతే బోర్డు. వాల్వ్ దగ్గరికి కరెంటు వస్తోందో లేదో పలక విప్పి, ప్లగ్ పెట్టి చూడటం మాత్రం ఇంట్లో చేసే పని కాదు. తడి ఉన్నచోట 230 వోల్టులతో ఆటలొద్దు, అది ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

మూడోది ప్రెషర్ స్విచ్. కూకట్‌పల్లిలో మా ఎదురింటివాళ్ల మెషిన్‌ది ఇదే జబ్బు. టాప్‌లోడ్ మెషిన్, బటన్ నొక్కగానే నీళ్లు లేకుండా బట్టలు తిప్పడం మొదలుపెట్టేది. “వచ్చినాయన బోర్డు మార్చాలన్నాడండీ, ఒకసారి మీరు చూస్తారా?” అని ఆవిడ అడిగారు. ఎర్రర్ ఏమైనా వచ్చిందా అంటే లేదన్నారు. నీళ్లు అడిగి రాకపోతే ఎర్రర్ రావాలి. రాలేదంటే మెషిన్ నీళ్లు అడగనే లేదు.

ఈ స్విచ్ నీళ్లను ముట్టుకోకుండానే నీటిమట్టం తెలుసుకుంటుంది. గ్లాసు బోర్లించి బకెట్లో ముంచితే లోపల గాలి ఎలా నొక్కుకుపోతుందో, టబ్ అడుగున ఉండే చిన్న గదిలోనూ అంతే జరుగుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ ఆ గదిలో గాలి ఒత్తిడి పెరిగి, సన్నటి రబ్బరు గొట్టం గుండా పైనున్న స్విచ్‌కు చేరుతుంది. గొట్టం ఊడినా, చిల్లుపడినా ఒత్తిడి చేరదు, నీళ్లు ఆగకుండా వచ్చి పొర్లిపోతాయి. ఆ గది మూతి సబ్బు జిగురుతో, బట్టల నూగుతో మూసుకుపోతే ఉల్టా జరుగుతుంది. కిందటి ఉతుకులో నొక్కుకున్న గాలి నీళ్లు పోయాక కూడా లోపలే బందీ అయిపోతుంది. టబ్ ఖాళీగా ఉన్నా స్విచ్‌కు నిండినట్టే తెలుస్తుంది.

ఎదురింట్లో చేసిన పరీక్ష చాలా చిన్నది. ప్లగ్ తీసి, పై పలక విప్పి, స్విచ్ దగ్గర గొట్టం ఊడదీశాం. కుళాయి కట్టేసి ఉంచాం, ఎందుకంటే గొట్టం లేనప్పుడు నీళ్లు వదిలితే ఎప్పటికీ ఆగవు. పలక తిరిగి బిగించి ప్లగ్ పెట్టి స్టార్ట్ చేశాం. కాసేపటికి వాల్వ్ మోత వినిపించింది. అంటే బోర్డు బాగుంది, కాయిల్ బాగుంది, స్విచ్ కూడా బాగుంది. తప్పంతా గొట్టానిదో, కింది గదిదో. మళ్లీ ప్లగ్ తీసి గొట్టంలోకి టబ్ వైపు మెల్లగా ఊదితే మొదట కదల్లేదు. గట్టిగా ఊదగానే బుడబుడమని బూడిద రంగు జిగురు టబ్ అడుగున బయటపడింది. గొట్టంలోకి గోరువెచ్చని నీళ్లు పోసి కడిగి, ఆరనిచ్చి, బిగుతుగా తగిలించాక నీళ్లు మామూలుగా దిగాయి, మట్టం చేరగానే ఆగాయి. కావాల్సిన దానికంటే ఎక్కువ పౌడర్ వేసే ఇళ్లలో ఈ జిగురు తొందరగా పేరుకుంటుంది.

గొట్టం ఊడదీసినా మెషిన్ నీళ్లు అడగకపోతే స్విచ్‌నే అనుమానించాలి. పాత రకం స్విచ్ అయితే గొట్టం పెట్టే మూతిలో మెల్లగా ఊదితే ‘టిక్’మనాలి, వదిలితే మళ్లీ ‘టిక్’మనాలి. ఊదకముందే అతుక్కుపోయి ఉంటే అది పోయినట్టు. ఊది మూతిని వేలితో మూసి పట్టుకున్నా దానంతటదే వెనక్కి పడిపోతే లోపలి పొర చిరిగినట్టు. ఇప్పటి ఎలక్ట్రానిక్ సెన్సర్లలో ఈ శబ్దం ఉండదు, వాటిని ఊది తేల్చలేం. గొట్టం తగిలించి ఉండగా స్విచ్ వైపు ఎప్పుడూ గట్టిగా ఊదొద్దు, సున్నితమైన పొర దెబ్బతింటుంది.

నీళ్లు దిగుతూనే మట్టం చేరకుండా ఎర్రర్ వస్తుంటే, వాడిన నీళ్లు బయటికి పోయే డ్రైన్ పైపును ఒకసారి చూడండి. దాని కొస నేల మీద పడేసి ఉంటే కొన్ని మెషిన్లలో వచ్చిన నీళ్లు వచ్చినట్టే జారిపోతాయి.

మెకానిక్‌ను పిలవాల్సి వచ్చినా ఫోన్‌లోనే మూడు మాటలు చెప్పండి: మోత వస్తోందా, ఎర్రర్ ఏం చూపించింది, ట్యాంకు ఎంత ఎత్తులో ఉంది. వాల్వ్ ఖరీదు వందల్లో ఉంటుంది, బోర్డుది వేలల్లో. బోర్డు మార్చాలని ఎవరైనా అంటే, డబ్బు ఇచ్చేముందు కాయిల్ రీడింగ్ మీటర్ మీద చూపించమని అడగండి.