ఒకే బిల్లుకు రెండు చెల్లింపులు

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఇనుప ఫ్రేములు తయారుచేసే ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. ఆగస్టు 4న సప్లయర్ దగ్గర్నుంచి నట్లు, బోల్టులు వచ్చాయి. సరుకు విలువ 70,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ 12,600, మొత్తం 82,600. ఆ నెలలో ఈ బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్లిపోయింది. నెలాఖరున లెక్కలు ముగించే పనిలో ఉన్న జూనియర్ అకౌంటెంట్ కంట అది పడింది.

ఇలాంటి తప్పు వెనుక చాలాసార్లు మోసమేమీ ఉండదు. సప్లయర్ ముందుగా బిల్లు ఫోటోను వాట్సాప్‌లో పంపాడు. దాన్ని చూసి ఆగస్టు 6న ఒకరు SP/417 అని ఎంట్రీ వేశారు. లారీతో వచ్చిన అసలు కాగితం స్టోర్స్‌లో ఉండిపోయి, 19న ఆఫీసుకు చేరింది. ఈసారి మరొకరు SP-0417 అని కొట్టారు. మనిషి కంటికి రెండూ ఒకటే, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం వేర్వేరు బిల్లులు. మొదటిదానికి 14న, రెండోదానికి 28న బ్యాంకు నుంచి డబ్బు కదిలింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. బిల్లు ఒకసారే ఎక్కి డబ్బు రెండుసార్లు వెళ్లి ఉంటే, సప్లయర్ ఖాతాలో 82,600 డెబిట్ నిల్వ తేలేది, ఎవరైనా ఇట్టే పట్టుకునేవారు. కానీ బిల్లూ రెండుసార్లు ఎక్కింది, చెల్లింపూ రెండుసార్లు జరిగింది. దాంతో ఖాతా నిల్వ సున్నా. డబ్బు నిజంగానే వెళ్లింది కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పుస్తకం సరిపోతుంది. ట్రయల్ బ్యాలెన్స్ కూడా కుదురుతుంది. సొంత పుస్తకాలనే ఎంతసేపు కలిపి చూసినా ఏ తేడా కనిపించదు.

ఆమె కొనుగోళ్ల రిజిస్టర్‌ను సప్లయర్ వారీగా, మొత్తాల వరుసలో పేర్చింది. ఒకే పేరు కింద 82,600 రెండుసార్లు కనిపించింది. అంతమాత్రాన తప్పు జరిగిందనడానికి లేదు. నెలనెలా ఒకే పరిమాణంలో సరుకు తెప్పించేచోట ఒకే మొత్తం మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే రెండు ఎంట్రీల బిల్లు తేదీలు చూసింది: రెండింటికీ ఆగస్టు 4. గేటు రిజిస్టర్, స్టోర్స్ రసీదులు తెప్పించింది. లారీ ఒక్కసారే వచ్చింది, 700 కిలోల సరుకు ఒక్కసారే దిగింది.

ఆ తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రెండు చెల్లింపుల యూటీఆర్ నంబర్లు పక్కపక్కన పెట్టుకుంది. రెండు ఎంట్రీలకూ ఒకే యూటీఆర్ ఉంటే తప్పు పుస్తకంలోనే జరిగినట్టు, డబ్బు రెండోసారి పోనట్టు. ఇక్కడ నంబర్లు వేరు. చివరగా సప్లయర్‌ను తన పుస్తకంలోని ఖాతా నకలు పంపమంది. అతని లెక్కలో ఒకే బిల్లు, రెండు జమలు ఉన్నాయి. కంపెనీకి అతను 82,600 బాకీ.

“సార్, రెండో ఎంట్రీ తీసేయనా?” అని చీఫ్ అకౌంటెంట్‌ను అడిగింది.

“తీసెయ్యొద్దమ్మా. రివర్స్ చెయ్యి, ఎందుకు చేశావో నెరేషన్‌లో రాయి.”

ఆయన మాట సరైనదే. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు జాడా నమోదు కావాలన్న నిబంధన ఉంది. వివరణ లేకుండా మాయమైన ఎంట్రీ గురించి ఆడిటర్ తప్పకుండా అడుగుతాడు. పైగా బ్యాంకు నుంచి డబ్బు వెళ్లింది నిజం కనుక రెండో చెల్లింపు ఎంట్రీ అలాగే ఉండాలి. తప్పు బిల్లు ఎంట్రీదే.

నెలాఖరు తేదీతో ఆమె వేసిన జర్నల్ ఇది: సప్లయర్ ఖాతాకు 82,600 డెబిట్, కొనుగోళ్లకు 70,000, సీజీఎస్టీ క్రెడిట్ ఖాతాకు 6,300, ఎస్‌జీఎస్టీ క్రెడిట్ ఖాతాకు 6,300 క్రెడిట్. సున్నా చూపిన సప్లయర్ ఖాతాలో ఇప్పుడు రావలసిన 82,600 కనిపించింది. పెరిగిపోయిన కొనుగోళ్ల ఖర్చు తగ్గింది. నెలాఖరు పట్టికలో ఈ మొత్తాన్ని మిగతా సప్లయర్లకు ఇవ్వాల్సిన బాకీల్లోంచి తీసివేసి చూపకూడదు. అది కంపెనీకి రావలసిన డబ్బు కనుక ఆస్తుల వైపు రాయాలి.

జీఎస్టీ సంగతి అంతకంటే సున్నితం. రెండో ఎంట్రీని అలాగే వదిలేస్తే, కట్టని పన్నుకు 12,600 క్రెడిట్ తీసుకున్నట్టయ్యేది. ఆ క్రెడిట్‌ను వాడేసుకున్నాక బయటపడితే వడ్డీతో సహా కట్టాల్సి వచ్చేది. సప్లయర్లు చూపిన బిల్లులతో పోర్టల్‌లో తయారయ్యే GSTR-2B మరుసటి నెల 14న వస్తుంది కాబట్టి, నెలాఖరున ఆ ఆధారం ఆమె చేతిలో లేదు. సెప్టెంబరు 14న తెరిచి చూస్తే ఆ సప్లయర్ పేరున ఆ బిల్లు ఒక్కసారే ఉంది. పుస్తకంలోనూ ఇప్పుడు ఒక్కటే.

డబ్బు వెనక్కి పంపుతారా, తర్వాతి బిల్లులో సర్దుబాటు చేస్తారా అని సప్లయర్‌ను మెయిల్‌లో అడిగారు. సర్దుబాటు చేస్తామని అతను రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. సెప్టెంబరులో వచ్చిన బిల్లు 1,18,000. అందులో 82,600 పోగా మిగిలిన 35,400 పంపారు. ఆ బిల్లు నంబరును మాత్రం కాగితం మీద ఎలా ఉందో అలాగే, గీతలూ సున్నాలతో సహా ఎక్కించారు.