320 డాలర్లు ఎటు పోయాయి?

డాలస్‌లో ఉండే మా మేనల్లుడు ఆ మధ్య ఒకరోజు ఫోన్ చేశాడు. "మావయ్యా, మొత్తానికి ఆప్షన్ ఎక్సర్‌సైజ్ చేసేశాను. వంద షేర్లు అకౌంట్లో పడ్డాయి. ఖర్చులు పోను నాలుగు వందల డాలర్లు మిగిలినట్టే" అన్నాడు. గొంతులో సంబరం తెలుస్తూనే ఉంది.

"చేసేముందు ఆ ఆప్షన్ ఎంతకు పోతోందో చూశావురా?" అనడిగాను.

"అమ్మే ఉద్దేశమే లేనప్పుడు చూడ్డమెందుకు మావయ్యా?" అన్నాడు.

ఆ చూడకపోవడానికి వాడు చెల్లించిన ధర 320 డాలర్లు. ఎలాగో చెబుతాను.

వాడు కొన్నది ఒక కంపెనీ షేరు మీద కాల్ ఆప్షన్. ఫలానా తేదీలోపు ఎప్పుడైనా సరే, షేరు వంద డాలర్ల చొప్పున కొనుక్కునే హక్కు అది. అమెరికాలో ఒక్కో ఆప్షన్ కాంట్రాక్టుకు వంద షేర్లు. ఆ హక్కు కోసం వాడు షేరుకు 6 డాలర్ల చొప్పున 600 ప్రీమియం కట్టాడు. తర్వాత షేరు 110కి పెరిగింది. గడువు ఇంకా రెండు నెలలుంది. వందకు కొనే హక్కు చేతిలో ఉంది, బజార్లో ధర 110. పది వేలు కట్టి, పదకొండు వేల విలువైన షేర్లు తెచ్చుకున్నాడు. వెయ్యి వచ్చింది, కట్టిన 600 పోగా 400 మిగిలింది. లెక్కలో తప్పేమీ లేదు.

కాకపోతే ఆ రోజు అదే ఆప్షన్‌ను కొనడానికి బజార్లో జనం 13.20 ఇస్తున్నారు. పది కాదు, పదమూడు డాలర్ల ఇరవై సెంట్లు.

మన వైపు స్థలాల బేరాలు ఎరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బయానా ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంట్ రాయించుకుంటాం. నెల తిరిగేసరికి ఆ వీధిలో ధర పెరుగుతుంది. అప్పుడు తెలివైనవాడు మొత్తం డబ్బు కట్టి రిజిస్ట్రేషన్‌కు పరుగెత్తడు, అగ్రిమెంట్‌నే ఇంకొకరికి అమ్ముతాడు. కొనేవాడు ఇప్పటిదాకా పెరిగిన ధరతో పాటు, మిగిలిన రెండు నెలల గడువుకు కూడా కొంత కలిపి ఇస్తాడు. ఆప్షన్ బజార్లో ఆ కలిపి ఇచ్చేదాన్నే టైమ్ వాల్యూ అంటారు. మా వాడి ఆప్షన్లో ఇప్పటికిప్పుడు చేతికొచ్చే విలువ 10, గడువు విలువ 3.20. ఎక్సర్‌సైజ్ చేస్తే మొదటిదే దక్కుతుంది. రెండోది ఆ క్షణాన మాయమవుతుంది.

అమ్మేసి ఉంటే 1,320 చేతికొచ్చేది. కట్టిన 600 తీసేస్తే లాభం 720. వాడు చేసుకున్నది 400.

"నాకు కావాల్సింది డబ్బు కాదు మావయ్యా, షేర్లు. ఆ కంపెనీని పదేళ్లు ఉంచుకుందామనుకున్నా" అని వాడి వాదన. చాలామంది ఇక్కడే పొరబడతారు. షేర్లు కావాలన్నా సరే, ముందు ఆప్షన్‌ను అమ్మాలి. 1,320 వస్తుంది. ఆ వెంటనే బజార్లో వంద షేర్లు 11,000 పెట్టి కొనాలి. నికరంగా చేతినుంచి పోయేది 9,680. ఎక్సర్‌సైజ్‌కు పోయింది పది వేలు. అవే వంద షేర్లు, అదే కంపెనీ, అదే రోజు. తేడా 320.

మరి ఆ 3.20 ఎవరో ఊరికే ఇస్తున్నారా అంటే, కాదు. అందులో రెండు వస్తువులున్నాయి. ఒకటి వడ్డీ. వాడు కట్టిన పది వేలు మరో రెండు నెలలు బ్యాంకులోనే ఉండేవి. ఏడాదికి నాలుగున్నర శాతం అనుకుంటే సుమారు 75 డాలర్లు. రెండోది బీమా, అసలు బరువంతా దీనిదే. మూడు వారాల తర్వాత ఆ కంపెనీ ఫలితాలు బాగోక షేరు 85కు పడిందనుకోండి. షేర్లు తీసుకున్నవాడికి వంద మీద పదిహేను చొప్పున 1,500 నష్టం, ముందు కట్టిన 600 కలిపితే 2,100. ఆప్షన్‌నే అట్టే పెట్టుకున్నవాడికి మహా పోతే పోయేది ఆ 600 మాత్రమే. వంద కంటే కిందికి ఎంత పడినా వాడికి సంబంధం లేదు. ఈ రక్షణను విడిగా కొనాలంటే వంద డాలర్ల స్ట్రైక్‌తో పుట్ ఆప్షన్ కొనాలి. ఆ రోజు దాని ధర 2.45 దగ్గరుంది, అంటే కాంట్రాక్టుకు 245. డెబ్బై ఐదూ, రెండు వందల నలభై ఐదూ కలిపి చూడండి, లెక్క సరిపోతుంది.

కొత్త సంగతేం కాదిది. డివిడెండ్ ఇవ్వని షేరు మీద కాల్ ఆప్షన్‌ను గడువుకు ముందు ఎక్సర్‌సైజ్ చేయడం ఎన్నడూ లాభం కాదని రాబర్ట్ మెర్టన్ 1973లోనే గణితంతో నిరూపించారు. ఆయనకు 1997లో ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ 1973 ఏప్రిల్ 26నే షికాగోలో పదహారు కంపెనీల షేర్లతో మొదటి ఆప్షన్ల ఎక్స్ఛేంజ్ తలుపులు తెరిచింది. సిద్ధాంతమూ, బజారూ ఒకే వసంతంలో పుట్టాయన్నమాట. అయినా ఈ పొరపాటు ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

మా వాడు పోగొట్టుకున్న 320 గాలిలో కలిసిపోలేదు. అదే ఆప్షన్‌ను అమ్మి కూర్చున్న ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి చేరింది. ఎక్సర్‌సైజ్ నోటీసు వెళ్లగానే అక్కడి క్లియరింగ్ సంస్థ లాటరీ తీసినట్టు ఒక బ్రోకర్‌ను ఎంచుతుంది, ఆ బ్రోకర్ తన ఖాతాదారుల్లో ఒకరిని. ఆ ఎంపికైనవాడు 13.20 బాకీని పది డాలర్లతో తీర్చుకున్నాడు. పొద్దున్నే లేచి అకౌంట్ చూసుకుని నవ్వుకుని ఉంటాడు.

పన్ను మాటేమిటని మా వాడు మరోసారి పట్టుకున్నాడు. అది మంచి ప్రశ్నే. అమెరికాలో ఆప్షన్ అమ్మితే 720 లాభం మీద ఆ ఏడాదే పన్ను. ఎక్సర్‌సైజ్ చేస్తే అప్పటికి పన్ను లేదు. ప్రీమియం షేరు కొన్న ధరలో కలిసి 106 అవుతుంది. దీర్ఘకాలిక లాభానికి కావలసిన ఏడాది లెక్క మాత్రం ఎక్సర్‌సైజ్ మర్నాటి నుంచే మొదలవుతుంది, ఆప్షన్ పట్టుకున్న నెలలు అందులో కలవవు. వాడి శ్లాబు 24 శాతం. 720 మీద పన్ను సుమారు 173. అది కట్టినా 147 డాలర్లు ముందే ఉంటాడు, పైగా కొత్తగా కొన్న షేర్ల ధర 110గా నమోదవుతుంది కాబట్టి రేపు అమ్మినప్పుడు పన్ను తగ్గుతుంది. లాభం భారీగా, గడువు విలువ స్వల్పంగా ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క తిరగబడొచ్చు. వాళ్లు కాగితం తీసుకోక తప్పదు.

అయితే ఎక్సర్‌సైజ్ బటన్ ఎందుకు పెట్టినట్టు? దానికీ సమయముంటుంది. ముఖ్యమైనది డివిడెండ్. ఆప్షన్ ఉన్నవాడికి డివిడెండ్ రాదు, షేరున్నవాడికే వస్తుంది. షేరు 130 దగ్గరుంది, మీ స్ట్రైక్ వంద, గడువు ఇంకా పన్నెండు రోజులు. రేపటినుంచి కొనేవాళ్లకు 1.50 డివిడెండ్ దక్కదు, అందుకని రేపు షేరు ఆమేరకు తగ్గి 128.50 దగ్గర తెరుచుకుంటుంది. మీ ఆప్షన్‌కు మిగిలేది 28.50, దానిపైన కొద్ది సెంట్లు. ఈ రోజు ఎక్సర్‌సైజ్ చేస్తే ముప్పై డాలర్ల విలువ నిలబడుతుంది. దీనికి సులువైన పరీక్ష ఒకటుంది. అదే స్ట్రైక్, అదే గడువున్న పుట్ ధర చూడండి, మిగిలిన రోజుల వడ్డీ కలపండి. ఇక్కడ రెండూ కలిపి ఇరవై సెంట్లు, డివిడెండ్ 150 సెంట్లు. అంచేత ఆగకూడదు. అదే మా వాడి ఆప్షన్‌కు యాభై సెంట్ల డివిడెండ్ ఎదురైనా, వదులుకునేది 3.20 కాబట్టి ఎక్సర్‌సైజ్ దండగే. ఇంకోమాట, పన్నెండు రోజుల ఉదాహరణలో కూడా ఈ రోజు ముప్పైకి కొనేవాడుంటే అమ్మినా అంతే వస్తుంది. నష్టమల్లా ఏమీ చేయకుండా నిద్రపోయినవాడికే.

రెండో సందర్భం, సరైన ధరకు కొనేవాడు లేకపోవడం. షేరు 130 ఉన్నప్పుడు వంద స్ట్రైక్ కాల్‌కు స్క్రీన్ మీద కొనేవాడి ధర 29.60, అమ్మేవాడి ధర 30.40 అని కనిపిస్తుంది. తొందరపడి 29.60కి ఇచ్చేస్తే చేతిలో ఉన్న విలువలోనే నలభై డాలర్లు పోతాయి. ముందు ముప్పైకి లిమిట్ ఆర్డర్ పెట్టి కాసేపు చూడాలి. ఎంతకీ కదలకపోతే అప్పుడు ఎక్సర్‌సైజ్ న్యాయమే. బాగా లోతుకు పడిపోయిన షేరు మీద పుట్ కొన్నవాళ్లదీ వేరే కథ. యాభైకి అమ్ముకునే హక్కుంది, షేరు రెండు డాలర్లకు చేరింది. ఇంక ఎంత పడినా అదనంగా వచ్చేది రెండు డాలర్లే. అలాంటప్పుడు డబ్బు ఇప్పుడే చేతికొస్తే వచ్చే వడ్డీ, వేచి ఉండటం కంటే ఎక్కువ విలువైనది కావచ్చు.

ఇదంతా చదివి మన ఫోన్లోని యాప్‌లో ఎక్సర్‌సైజ్ బటన్ కోసం వెతికేరు, ఉండదు. గడువులోపు ఎప్పుడైనా వాడుకోగల ఆప్షన్‌ను అమెరికన్ అనీ, గడువు రోజున మాత్రమే తేలేదాన్ని యూరోపియన్ అనీ అంటారు. పేర్లకూ, దేశాలకూ సంబంధం లేదు. మన ఎన్‌ఎస్‌ఈలో నిఫ్టీ ఆప్షన్లు యూరోపియన్, షేర్ల మీద ఆప్షన్లు కూడా 2011 నుంచి యూరోపియనే. అంటే ఇక్కడ గడువుకు ముందు ఆప్షన్‌ను వదిలించుకోవాలంటే అమ్మడం ఒక్కటే దారి. షేర్ల ఆప్షన్‌ను గడువు రోజు దాకా లాభంలో అట్టే పెట్టుకుంటే మాత్రం నగదు తేడా ఇవ్వరు, మొత్తం డబ్బు కట్టి షేర్లు తీసుకోవాల్సిందే. లాట్ విలువ లక్షల్లో ఉంటుంది కాబట్టి, అంత డబ్బు అకౌంట్లో లేనివాళ్లు ఆ రోజు రాకముందే అమ్మేసుకోండి.